44ఏడీలో ఉండాలా, పుస్తకాలు రాయించాలా? ముందు మీ 79,560 ఎలా వచ్చిందో చూద్దాం

ప్రశ్న: "మాది హోల్‌సేల్ కిరాణా, నా ఒక్కడి పేరు మీదే. 2025-26లో అమ్మకాలు 1.70 కోట్లు. అందులో 1.40 కోట్లు బ్యాంకులో పడ్డాయి. ఖర్చులన్నీ పోగా నాకు మిగిలింది 6 లక్షల లోపే. ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ కలిపి ఇంకో 1.10 లక్షల ఆదాయం. మూడేళ్లుగా 44ఏడీ కిందే రిటర్న్ వేస్తున్నాం. ఈసారి కొత్త విధానంలో 79,560 పన్ను కట్టాలని మా ఆడిటర్ అంటున్నారు. పుస్తకాలు రాయించి ఆడిట్ చేయిస్తే ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదని మా బావమరిది అంటున్నాడు. దానికి అకౌంటెంట్‌కి నెలకు 3 వేలు, ఆడిట్‌కి 30 వేలు ఖర్చట. ఏది మేలు?"

సమాధానం:

ఈ ఏడాదికి 44ఏడీలోనే, అంటే పుస్తకాలు లేకుండా అమ్మకాల్లో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపించే పద్ధతిలోనే ఉండండి, పన్ను కట్టేయండి. వచ్చే ఏడాదికి మాత్రం పుస్తకాల జోలికి వెళ్లకుండానే ఆ పన్నును సున్నా చేసుకునే దారి మీకుంది. మీ బావమరిది చెప్పింది కాగితం మీద నిజమే. కానీ ఆయన చూడనివి రెండు మూడున్నాయి.

ముందు ఆ 79,560 ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి లెక్కేద్దాం. మీ ఆడిటర్ ఏం చేశారో దాంట్లోనే తెలిసిపోతుంది. 4 శాతం సెస్ తీసేస్తే అసలు పన్ను 76,500. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయానికి శ్లాబుల ప్రకారం పడే పన్ను 60,000. పైన మిగిలిన 16,500 పడింది 15 శాతం శ్లాబులో, అంటే 1.10 లక్షల ఆదాయం మీద. కాబట్టి మీ మొత్తం ఆదాయం 13.10 లక్షలుగా వేశారు. అద్దె, వడ్డీ 1.10 లక్షలు తీసేస్తే వ్యాపారం మీద లాభం సరిగ్గా 12 లక్షలు.

ఇప్పుడు మీరు చెప్పిన అంకెలతో వేసి చూడండి. 44ఏడీలో బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలకు 6 శాతం, మిగతా వాటికి 8 శాతం. 1.40 కోట్లకు 6 శాతం 8.40 లక్షలు, మిగిలిన 30 లక్షలకు 8 శాతం 2.40 లక్షలు, మొత్తం 10.80 లక్షలు రావాలి. మరి 12 లక్షలు ఎలా వచ్చింది? మీ ఆడిటర్ 80 లక్షలకే 6 శాతం వేసి, 90 లక్షలకు 8 శాతం వేశారన్నమాట. ఆయన పొరపాటు పడలేదు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చదివారు.

మీరు కూడా ఓసారి ఆ స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చోండి. కొన్ని జమల ముందు UPI అనో NEFT అనో ఉంటుంది. కొన్నిటికి BY CASH అని గానీ, క్యాష్ డిపాజిట్ మెషీన్ తాలూకు గుర్తు గానీ ఉంటుంది. మీ కుర్రాళ్లు ఊళ్ల మీద తిరిగి వసూలు చేసుకొచ్చిన నోట్లను సాయంత్రం మీరు బ్యాంకులో వేస్తే అది బ్యాంకులో పడినట్టే, కానీ 6 శాతానికి పనికిరాదు. కొన్నవాడి నుంచి మీకు డబ్బు ఎలా చేరిందన్నదే చట్టం చూస్తుంది. అకౌంట్ పేయీ చెక్కు, డీడీ, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్, ఐఎంపీఎస్, కార్డు, యూపీఐ అయితే 6 శాతం. మీ చేతికి నోట్లొచ్చి, తర్వాత అవి బ్యాంకుకు నడిచి వెళితే 8 శాతమే. క్రాస్ చేయని బేరర్ చెక్కు కూడా నగదు కిందకే వస్తుంది. చిన్న వ్యాపారుల రిటర్న్‌లలో నేను చూసే తప్పుల్లో ఇదే ఎక్కువ. "బ్యాంకులో వేశానుగా సార్" అని అందరూ అనే మాటే.

మీ 1.40 కోట్లలో 60 లక్షలు ఇలాంటి నగదు డిపాజిట్లు అయి ఉండాలి. ఆ 60 లక్షల మీద 2 శాతం తేడా 1.20 లక్షలు. ఆ 1.20 లక్షలే మీ పన్నంతా. ఎందుకంటే లాభం 10.80 లక్షలుగా వచ్చి ఉంటే, అద్దె, వడ్డీతో కలిపి మొత్తం 11.90 లక్షలయ్యేది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి 87ఏ రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. ఈ సంగతి తర్వాత మళ్లీ చెప్తాను. ముందు పుస్తకాల విషయం తేల్చేద్దాం.

మీ లాభం 6 లక్షల లోపన్నారు. మీ లైన్‌లో మామూలుగా ఉండే ఖర్చులు వేసి చూస్తున్నాను, వీటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. 1.70 కోట్ల మీద 8.5 శాతం మార్జిన్ అంటే 14.45 లక్షలు. షాపు, గోడౌన్ అద్దె 1.80, ఇద్దరు పనివాళ్ల జీతాలు 2.88, కరెంటు 48 వేలు, బండి డీజిల్, హమాలీ 1.44, బ్యాంకు సీసీ అప్పు మీద వడ్డీ 1.35, ఫోను, చిల్లర ఖర్చులు 25 వేలు. ఇవన్నీ కలిపి 8.20 లక్షలు. బండి తరుగుదల ఇంకో 55 వేలు. నికరంగా 5.70 లక్షలు.

తరుగుదల దగ్గర చిన్న మెలిక ఉంది. 2022-23లో బండి 6 లక్షలకు కొన్నారనుకుందాం. ఈ మూడేళ్లూ మీరు 44ఏడీలో ఉన్నారు, తరుగుదల విడిగా తీసుకోలేదు. అందుకని ఇప్పుడు మళ్లీ 6 లక్షల నుంచి మొదలుపెట్టడానికి లేదు. 44ఏడీలో ఉన్న ఏళ్లలో కూడా తరుగుదల తీసుకున్నట్టే లెక్క. ఏటా 15 శాతం చొప్పున మూడేళ్లు కోసేస్తే బండి విలువ దాదాపు 3.68 లక్షలకు దిగుతుంది. ఈ ఏడాది తరుగుదల దాని మీదే, అందుకే 55 వేలు.

సరే, లాభం 5.70 లక్షలు. అకౌంటెంట్‌కి ఏడాదికి 36 వేలు, ఆడిట్‌కి 30 వేలు కలిపి 66 వేలు. ఇది కూడా ఖర్చే కాబట్టి లాభం 5.04కి దిగుతుంది. అద్దె, వడ్డీ కలిపితే 6.14 లక్షలు. రిబేటులో పన్ను మాయం. 79,560 పన్ను పోయి 66 వేల ఖర్చు వచ్చింది, 13,560 మిగిలింది. మీ బావమరిది లెక్క ఇక్కడి దాకే.

అసలు చిక్కు 44ఏడీలో కనపడకుండా ఉండి, పుస్తకాలు తెరవగానే బయటపడుతుంది. 44ఏడీలో ఉన్నంతకాలం మీ ఖర్చులు ఎలా చెల్లించారని ఎవరూ అడగరు. పుస్తకాల్లోకి వస్తే 40ఏ(3) సెక్షన్ వస్తుంది. ఒకే మనిషికి ఒకే రోజులో నగదుగా 10,000 దాటి చెల్లిస్తే ఆ చెల్లింపు మొత్తం ఖర్చు కింద చెల్లదు. పైన దాటిందే కాదు, మొత్తం. బిల్లు ఉన్నా సరే, సరుకు గోడౌన్‌లో కళ్లముందు కనపడుతున్నా సరే.

మీకు నగదుగా వచ్చింది 90 లక్షలు. బ్యాంకులో వేసింది 60. మిగతా 30 లక్షలు ఎటు పోయాయి? జీతాలు, డీజిల్, హమాలీ, ఇంటి ఖర్చు కలిపి ఓ 8, 9 లక్షలు అనుకుందాం. మిగిలిన 21 లక్షలు సరుకు కొనడానికే వెళ్లి ఉండాలి, ఇంకెక్కడికి పోతాయి. అందులో పసుపు, ఎండుమిర్చి, చింతపండు లాంటివి నేరుగా రైతు దగ్గర కొన్నవైతే భయం లేదు. పండించినవాడికి ఇచ్చిన నగదుకు 6డీడీ నిబంధనలో మినహాయింపు ఉంది. రైతు పేరు, ఊరు, సంతకంతో చీటీ ఉండాలి. అదే పప్పు మిల్లు నుంచో, పక్క ఊరి వ్యాపారి నుంచో తెచ్చి, 40 వేలు, 50 వేలు నోట్లు లెక్కపెట్టి ఇచ్చి ఉంటే అవన్నీ పోతాయి. ఇలాంటివి 7 లక్షలున్నాయనుకోండి.

5.04కి 7 లక్షలు కలుస్తాయి. 12.04. అద్దె, వడ్డీతో 13.14 లక్షలు. పన్ను, సెస్ కలిపి 80,184. అంటే 44ఏడీలో కట్టేదానికన్నా 624 ఎక్కువ పన్ను, పైగా 66 వేల ఫీజులు. మీ దగ్గర 7 లక్షలు కాదు, 3 లక్షలే ఉన్నాయంటే మొత్తం ఆదాయం 9.14 లక్షలు, రిబేటులో పన్ను రాదు, పుస్తకాలే గెలుస్తాయి. మీకు సంబంధించినంతవరకు దాదాపు 5.86 లక్షల దగ్గర ఆ గీత ఉంది. అంతకు మించి నగదు కొనుగోళ్లు బయటపడితే ఆదాయం 12 లక్షలు దాటుతుంది. కాబట్టి ఎవరేం చెప్పినా మీరు ముందు చూడాల్సింది లాభనష్టాల పట్టీ కాదు, మీ కొనుగోలు చిట్టా. 10 వేలు దాటిన నగదు చెల్లింపులకు ఎర్ర పెన్నుతో టిక్ పెట్టుకుంటూ పోండి, ఓ పూట పని.

అరువు కొనుగోళ్లలో కూడా ఇలాంటిదే ఒకటుంది. మీకు సరుకిచ్చే మిల్లు సూక్ష్మ లేదా చిన్న తరహా పరిశ్రమగా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉండి, మీరు వాళ్లకు గడువులోపు కట్టకుండా మార్చి 31కి బాకీ ఉంచితే, ఆ మొత్తం ఆ ఏడాది ఖర్చుగా రాదు, కట్టిన ఏడాదిలోనే వస్తుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులు, ఉంటే గరిష్ఠంగా 45. ఇది తయారీదారులకు, సేవలందించేవాళ్లకే గానీ, మీకు సరుకిచ్చే ట్రేడర్‌కు వర్తించదు. కిరాణా హోల్‌సేల్‌లో మార్చి నెల బాకీలు మామూలే కాబట్టి చెప్తున్నాను.

ఇంకో మాట. 2025-26కి పుస్తకాలు రాయించాలంటే ఇప్పుడు రాయించాలి, ఏడాది గడిచిపోయాక. బిల్లులున్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, జీఎస్టీ రిటర్న్‌లు ఉన్నాయి, రాసేయొచ్చు అనిపిస్తుంది. మొదటి గండం గల్లాపెట్టె. రోజువారీ నగదు వరసగా రాసుకుంటూ వస్తే ఎక్కడో జూన్‌లోనో దసరా ముందో చేతిలో ఉన్న నగదు మైనస్‌లోకి పోతుంది. లేని డబ్బు ఎవరూ ఖర్చుపెట్టలేరు కాబట్టి, ఎక్కడో అమ్మకం రాయలేదనో, చేబదులు తెచ్చారనో అర్థం. చేబదులు 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకున్నారంటే దానికి వేరే జరిమానా సెక్షనుంది. ఆ గొడవ ఇక్కడొద్దు. రెండోది సరుకు నిల్వ. మార్చి 31 రాత్రి గోడౌన్‌లో ఎన్ని బస్తాలున్నాయో మీరు లెక్కపెట్టారా? పెట్టకపోతే ముగింపు నిల్వ ఊహే. మార్జిన్ 8.5 శాతం వచ్చేలా సరిపెట్టిన నిల్వను ఏ అధికారి అయినా ఐదు నిమిషాల్లో గుర్తుపడతాడు.

పదేళ్ల కిందట నా దగ్గరికి ఒక వ్యాపారి ఇలాగే వచ్చాడు. ఏడాది అయిపోయాక పుస్తకాలు రాయించాం. నిల్వ 11 లక్షలు చూపించాం. తర్వాత నోటీసొస్తే తెలిసింది, సీసీ లిమిట్ కోసం అదే మార్చి నెలకు బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో 26 లక్షలు రాశాడని. ఆ 15 లక్షల తేడాకు సమాధానం చెప్పడానికి మేం పడిన పాట్లు ఇప్పటికీ మర్చిపోలేదు. తప్పు నాదీ ఉంది, ఆ కాగితం అడిగి చూడలేదు. మీకూ సీసీ ఉంది కాబట్టి అడుగుతున్నాను, బ్యాంకుకు ఏం రాసిచ్చారో గుర్తుందా?

ఇవన్నీ దాటినా ఐదేళ్ల ముడి ఒకటుంది. ఒకసారి 44ఏడీలో వేసి, తర్వాతి ఐదు అసెస్‌మెంట్ ఏళ్లలో ఎప్పుడైనా ఆ శాతాల కన్నా తక్కువ లాభం చూపించి బయటికొస్తే, ఆ తర్వాత ఐదేళ్లు మళ్లీ 44ఏడీలోకి రానివ్వరు. మీరు మూడేళ్లుగా లోపలున్నారు. 2025-26కి బయటికొస్తే, 2026-27 నుంచి 2030-31 దాకా గేటు మూసేస్తారు. ఆ ఏళ్లన్నిటిలో పుస్తకాలు ఉండాలి, మొత్తం ఆదాయం పన్నులేని పరిమితి దాటితే ఆడిట్ కూడా ఉండాలి. ఆ పరిమితి కొత్త విధానంలో 4 లక్షలే. 12 లక్షల రిబేటుతో దీనికి సంబంధం లేదు, చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. పన్ను సున్నా అయినా ఆడిట్ తప్పదు. అమ్మకాలు కోటి లోపుకు పడిపోయినా తప్పదు. ఏడాదికి 66 వేల చొప్పున ఈ ఏడాదితో కలిపి ఆరేళ్లు, 3.96 లక్షలు. ఒక్క ఏడాది మిగిలే 13,560 కోసం ఇంత కట్టుబడాలా?

(2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, అందులో 44ఏడీ సంగతులు 58వ సెక్షన్‌లో ఉంటాయి. మీరు ఇప్పుడు వేసేది 2025-26 రిటర్న్ కాబట్టి పాత నంబర్లే వాడుతున్నాను.)

ఇక వచ్చే ఏడాది సంగతి. మీ సమస్య లాభం శాతం కాదు, నోట్ల వాటా. నగదు నుంచి బ్యాంకు మార్గానికి మారిన ప్రతి లక్ష అమ్మకానికి మీ లెక్కలో ఆదాయం 2,000 తగ్గుతుంది. 13.10 నుంచి 12 లక్షలకు దిగాలంటే 1.10 లక్షలు తగ్గాలి, అంటే 55 లక్షల అమ్మకాలు మారాలి. 90 లక్షల నగదు 35 లక్షలకు రావాలి.

కానీ ఈ దారి అంతా ఒకేలా ఉండదు. మొదటి 20 లక్షలు మార్చినప్పుడు ఆదా ఆరు వేల పైచిలుకే, ఎందుకంటే అక్కడ మీకు పడేది 15 శాతం శ్లాబు. ఆదాయం 12.70 లక్షల దగ్గరికి దిగాక లెక్క మారిపోతుంది. 12 లక్షలు కొద్దిగా దాటినవాళ్లకు, దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ ఉండకూడదని మార్జినల్ రిలీఫ్ ఉంది. అందుకని 12.70 నుంచి 12 దాకా ఆదాయం ఒక రూపాయి తగ్గితే పన్ను కూడా రూపాయి తగ్గుతుంది, పైన సెస్. ఆ చివరి 35 లక్షల మార్పు ఒక్కటే మీకు దాదాపు 72,800 మిగులుస్తుంది. కాబట్టి సగం చేసి "పెద్దగా తేడా రాలేదు" అని వదిలేయకండి. లాభమంతా చివరి భాగంలోనే ఉంది.

ఎలా మారుస్తారన్నది నాకంటే మీకే బాగా తెలుసు. మీ దగ్గర కొనేది ఊళ్లలో చిల్లర దుకాణాలవాళ్లు. వాళ్లకు వచ్చే డబ్బులో సగం ఇప్పటికే ఫోన్‌లోనే వస్తోంది, దాన్ని ఏటీఎంలో తీసి మీ కుర్రాడికి నోట్లిస్తున్నారు. బండి మీద మీ కరెంట్ ఖాతా క్యూఆర్ అతికించండి. మీ కుర్రాడి సొంత నంబర్‌కు వేయించుకోవడం మాత్రం వద్దు. వాడు మళ్లీ మీకు పంపినా, ఎవరు ఎవరికి కట్టారో అర్థంకాని జమలు మీ ఖాతాలో పేరుకుపోతాయి, వాడి ఖాతాలో లేని ఆదాయం కనపడుతుంది. నెలకోసారి లెక్క కట్టే పెద్ద ఖాతాదారుల్ని పది మందిని ముందు మార్చుకోండి. వాళ్ల ఒక్కొక్కరిదీ నెలకు 40, 50 వేలు ఉంటుంది. పది మందికి ఏడాదికి 50 లక్షలకు అటూ ఇటూ అవుతుంది.

ఈ ఏడాదికి కూడా చిన్న వెసులుబాటు ఉండొచ్చు. మార్చి 31 నాటికి మీకు రావలసిన అరువు అమ్మకాల్ని మీ ఆడిటర్ 8 శాతంలో వేశారేమో అడగండి. ఆ బాకీలు రిటర్న్ గడువు తేదీలోపు యూపీఐలోనో చెక్కుతోనో వస్తే 6 శాతమే వేసుకోవచ్చు. అలాంటివి 12 లక్షలుంటే ఆదాయం 24 వేలు తగ్గి, పన్ను 3,744 తగ్గుతుంది. పెద్ద మొత్తమేం కాదు, కానీ ఊరికే వదులుకోవడం ఎందుకు.

దీన్ని చదివి "పుస్తకాలు ఎప్పుడూ దండగే" అనుకోకండి. మీది కాకుండా వేరే లెక్క చెప్తాను. ఒకాయన కంపెనీ సరుకు డిస్ట్రిబ్యూటర్, అమ్మకాలు 2.90 కోట్లు, అంతా బ్యాంకులోనే. నగదు 5 శాతం దాటకపోతే 44ఏడీ పరిమితి 2 కోట్ల నుంచి 3 కోట్లకు పెరుగుతుంది కాబట్టి ఆయన అర్హుడే. 6 శాతం అంటే 17.40 లక్షలు, పన్ను 1,53,920. ఆయనకు నిజంగా మిగిలేది 2.5 శాతం, 7.25 లక్షలు. పుస్తకాల్లో పన్ను సున్నా. పైగా ఆయన ఇంతకుముందు ఎప్పుడూ 44ఏడీలో అడుగుపెట్టకపోతే, వసూళ్లలో, చెల్లింపుల్లో రెంటిలోనూ నగదు 5 శాతం లోపే ఉంటే, 10 కోట్ల అమ్మకాల దాకా ఆడిట్ కూడా అక్కర్లేదు. ఇలాంటి పలచని మార్జిన్ వ్యాపారం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, మొదటి ఏడాది సులువుగా ఉందని 44ఏడీ వాళ్లు వేసే ఐటీఆర్-4 ఫారం నింపేయకండి. ఐదేళ్ల ముడి అక్కడే పడుతుంది.

భాగస్వామ్య సంస్థ అయితే దాదాపు ప్రతిసారీ పుస్తకాల వైపే చూడమంటాను. సంస్థకు రిబేటు లేదు, మొదటి రూపాయి నుంచి 30 శాతం. 44ఏడీలో భాగస్వాముల జీతాలు కూడా తీసివేయనివ్వరు. మీదే 12 లక్షల లాభం సంస్థ పేరు మీద ఉంటే పన్ను 3,74,400 అయ్యేది. మీ బావమరిది భాగస్వామ్యంలో ఉండి, తన అనుభవంతో మీకు సలహా ఇచ్చాడేమో కనుక్కోండి, నాకు ఆ అనుమానం ఉంది.

కమిషన్ మీద వ్యాపారం చేసేవాళ్లకు, అంటే మార్కెట్ యార్డు కమిషన్ ఏజెంట్లు, బ్రోకర్లు, వీళ్లకు 44ఏడీ వర్తించదు. మీ షాపులో రీచార్జుల మీదో ఇంకోదాని మీదో కమిషన్ వస్తుంటే దాన్ని 1.70 కోట్లలో కలపకుండా విడిగా ఆడిటర్‌కు చెప్పండి.

చివరిగా, 44ఏడీలో ఉన్నవాళ్లు ముందస్తు పన్ను మొత్తం మార్చి 15లోపు ఒకే వాయిదాలో కట్టాలి. మీరు ఇంకా కట్టలేదని మీ ప్రశ్నను బట్టి అనిపిస్తోంది. కట్టకపోతే మార్చికి ఒక శాతం, ఏప్రిల్ నుంచి కట్టే నెల దాకా నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. మీ మొత్తానికి అది నెలకు 795 రూపాయలు, నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెలకే వేస్తారు. రిటర్న్ తర్వాత వేసుకున్నా ఫర్వాలేదు, చలానా మాత్రం ఈ నెలాఖరులోపు కట్టేయండి.